80 శాతం లిమిట్: పద్నాలుగు నెలలు వాడాక

ఎలక్ట్రిక్ కారు కొన్న రోజే, బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని చార్జింగ్ లిమిట్ 80 దగ్గర పెట్టేశాను. నెల్లూరు నుంచి గూడూరుకు రోజూ వెళ్లిరావడానికి 80 కిలోమీటర్ల లోపే, ఇంట్లోనే చార్జర్ ఉంది. ఈ ఒక్క సెట్టింగ్ పెట్టుకోండి చాలని అడిగిన వాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

మొన్న ఒంగోలులో పెళ్లికి వెళ్లాం. రానూపోనూ 240 కిలోమీటర్లు. నా బండి ఒక్కో శాతానికి మూడు కిలోమీటర్లు ఇస్తుంది. 80తో బయలుదేరి, ఒంగోలులో ఫాస్ట్ చార్జర్ దగ్గర 60 వరకు నింపుకుని తిరిగొచ్చాం. కావలి దాటినప్పుడు లెక్క సరిగ్గానే ఉంది. కొడవలూరు దగ్గర 27 చూపించింది. రెండు నిమిషాల్లో అది 12 అయింది. "ఏమండీ, ఇందాక ఇరవై ఏడు కదా?" అంది మా ఆవిడ. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఏసీ ఆపి, యాభైకి మించకుండా నడిపి, 4 శాతంతో ఇల్లు చేరాను. ఆ ఇరవై కిలోమీటర్ల టెన్షన్ నాకు ఇంకా పోలేదు.

సర్వీస్ వాళ్లు బ్యాటరీ బాగుందని పంపేశారు. అసలు సంగతి ఇన్వర్టర్ల పని చేసే మా బావమరిది పట్టుకున్నాడు. "బావా, నూరు వరకు పెట్టి ఎన్నాళ్లయింది?" అన్నాడు. ఒక్కసారి కూడా పెట్టలేదు.

నాది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. చార్జ్ 80 నుంచి 20కి దిగినా దాని వోల్టేజ్ పెద్దగా మారదు. అందుకని బ్యాటరీలోకి వచ్చిన కరెంటు, బయటికి పోయిన కరెంటు బండి కూడుతూ తీసేస్తూ శాతం అంచనా వేస్తుంది. చిన్న చిన్న తప్పులు నెలల తరబడి పేరుకుంటాయి. మేడ మీద ట్యాంకు నిండిందని పొంగితేనే తెలిసినట్టు, పూర్తిగా నిండే చోట వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగితేనే ఆ లెక్క సరి అవుతుంది. బాగా ఖాళీ అయ్యే చోట కూడా వోల్టేజ్ అలాగే పడిపోతుంది. కొడవలూరులో బండికి నిజం తెలిసింది అక్కడే.

ఆ రాత్రే లిమిట్ 100 చేసి ఇంటి చార్జర్‌కు పెట్టాను. 99 దగ్గర గంటకు పైగా ఆగిపోయింది. కంగారుపడి ప్లగ్ తీయకూడదు, సెల్స్ అన్నీ సమం చేసుకునేది అప్పుడే. తర్వాత రెండు వారాలు కిలోమీటర్లు రాసుకుని చూశాను, శాతానికి మూడు చొప్పున కింది వరకూ సరిపోయింది. పోయింది బ్యాటరీ కాదు, లెక్క.

ఇప్పుడు మామూలు రోజుల్లో 80 ఉంచి, వారానికోసారి శనివారం రాత్రి 100 చేస్తున్నాను. దూరం వెళ్లే ముందు రోజు తప్పనిసరిగా 100, అదీ బయలుదేరే వేళకు పూర్తయ్యేలా టైమర్ పెట్టి. మే నెల ఎండల్లో నిండు బ్యాటరీతో బండిని రోజుల తరబడి నిలిపి ఉంచను. నిండుగా ఉన్నప్పుడు వేగం తగ్గేటప్పుడు కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపే రీజెన్ బ్రేకింగ్ మొదటి కొన్ని కిలోమీటర్లు సరిగ్గా పట్టదు, బ్రేక్ పెడల్ మీద కాలు ఉంచుకోవాలి.

మా అన్నయ్య కారులో ఉన్నది ఎన్‌ఎంసీ అనే వేరే రకం బ్యాటరీ. ఆయనకు మాత్రం రోజువారీకి 80 చాలు, వారం వారం 100 చేయమని నేను చెప్పను. ఇంట్లో చార్జర్ లేక ఎప్పుడూ ఫాస్ట్ చార్జర్ మీదే ఉండేవాళ్లకు నా పద్ధతి ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను, అక్కడ 80 దాటాక వేగం బాగా తగ్గిపోతుంది.