తోబా సరస్సు: కుంగిన నేల మీద నాలుగు రోజులు

హనుమకొండ నుంచి హైదరాబాద్, కౌలాలంపూర్ మీదుగా సుమత్రా దీవిలోని మెడాన్ చేరాం. అక్కడి నుంచి తోబా సరస్సు ఒడ్డునున్న పరపట్‌కు కారులో ఐదు గంటలు పట్టింది. దించేటప్పుడు మా డ్రైవర్ మాట్లాడుకున్న దానికంటే ఎక్కువ అడిగాడు. రేటు కాగితం మీద రాయించుకున్నాకే ఎక్కండి. పరపట్‌లో మా బసకు రాత్రంతా పాటల గోల. మర్నాడే పడవెక్కి సరస్సు మధ్యనున్న సమోసిర్ దీవిలోని టుక్‌టుక్‌కు మారాం. గది చిన్నదైనా నీళ్ల ఒడ్డునే ఉంది, ఇంటివాళ్లు శాకాహారం అడిగితే విసుక్కోకుండా వండిపెట్టారు. ఉండాలంటే ఇక్కడే ఉండాలి.

మనకు పాకాల తెలుసు, కట్ట కట్టి నిలిపిన నీళ్లు. తోబాకు కట్ట లేదు, నేలే కుంగింది. దాదాపు 74,000 ఏళ్ల కింద, కొన్ని కిలోమీటర్ల లోతున నిండి ఉన్న మాగ్మాలో, అంటే కరిగిన రాతిలో, వాయువులు ఒత్తిడి పెంచాయి, పైకప్పు చుట్టూ పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోంచి మాగ్మా ఎగజిమ్మిన కొద్దీ కింద ఆసరా తగ్గి, కప్పు లోపలికి దిగింది. దిగిన బరువు మిగిలిన మాగ్మాను ఇంకా బయటికి నెట్టింది. కొండ తల ఎగిరిపోయిందని చాలామంది అనుకుంటారు గానీ, ఇంత పెద్ద గుంటకు అసలు కారణం ఆ కుంగడమే. దీన్నే కాల్డెరా అంటారు. పొడవు 100, వెడల్పు 30 కిలోమీటర్లు. బయటపడిన మాగ్మా సుమారు 2,800 ఘన కిలోమీటర్లని ఒక అంచనా.

రోడ్డు పక్క తెగిన గట్టులోంచి మా గైడ్ ఒక తెల్లటి రాయి తీసి బకెట్ నీళ్లలో వేశాడు. తేలింది! మా ఆవిడ వెంటనే "మన రామప్ప ఇటుకలాగే" అంది. ఇందులో రంధ్రాలు చేసింది మాత్రం ఆనాటి వాయువులే.

మేం పడుకున్న సమోసిర్ కూడా ఒకప్పటి సరస్సు అడుగే. పేలుడు తర్వాత మిగిలిన మాగ్మా తోసి, వందల మీటర్లు పైకి లేపింది. సరస్సు అడుగు మట్టి ఇప్పుడు దీవి మీద కనిపిస్తుంది. పంగురురాన్ దగ్గర వేడినీటి ఊటల్లో కాలు పెడితే చురుక్కుమంది. స్నానాల గదులు అంత శుభ్రంగా లేవు, అయినా వదలొద్దు.

ఇలాంటి పేలుళ్ల విషయంలో సైంటిస్టుల టెన్షన్ బూడిద ఒక్కదాని గురించే కాదు. పైకి చేరిన గంధకం ఎండను అడ్డుకుంటుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలితేనే భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. తోబాలో బయటపడిన మాగ్మా దానికి వందల రెట్లు. తోబా బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పొరగా దొరికింది. దాని కింద, పైన దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకేలా ఉన్నాయి, అంటే అక్కడి మనుషులు తట్టుకున్నారేమో.

ఇలాంటి పేలుళ్లను ముందే పసిగట్టడం ఇంకా కష్టం. ఇటలీలో ఇలాంటి కాల్డెరాలోనే ఉన్న పొజ్జువోలీ ఊరు 1982–84లో దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది, వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు, పేలుడు మాత్రం రాలేదు. నేల ఉబ్బినా, కంపించినా, అది ఎటు పోతుందో పరికరాలు కచ్చితంగా చెప్పలేవు. ఇంతటి పేలుడును ఏ పరికరమూ ఇంతవరకు చూడనేలేదు.

చివరి రోజు సరస్సును పైనుంచి చూసే టెలె టవర్‌కు కేటాయించండి. గోడలా నిలబడ్డ కాల్డెరా అంచు అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది. పొగమంచు కమ్మకముందే, ఉదయం ఎనిమిదిలోపు చేరుకోండి.