ఫోన్ గదిలో, కాల్స్ జేబులో: ఏడాది వాడాక

గ్రూప్-2కి చదువుకునే నాకు ఫోన్ గొడవ తగ్గించింది ఏ యాప్ కాదు, కాల్ ఫార్వర్డింగ్. యాప్ టైమర్లు ఇదివరకు వాడాను. గడువు అయిపోతే అదే ఫోన్‌లో ఇంకో అరగంట పెంచుకోవచ్చు కాబట్టి అవి నిలవలేదు. ఫోన్ అసలు దగ్గర ఉండకూడదు, కానీ పాకాల నుంచి అమ్మ చేస్తే అందాలి.

ఇప్పుడు తిరుపతి బైరాగిపట్టెడలోని గదిలో స్మార్ట్‌ఫోన్ ఆఫ్ చేసి, వేరే నంబరున్న కీప్యాడ్ ఫోన్‌తో రీడింగ్ రూమ్‌కి వెళ్తాను. స్మార్ట్‌ఫోన్ కాల్ సెట్టింగ్స్‌లో Call forwarding, అందులో Always forward తెరిచి కీప్యాడ్ నంబరు ఇవ్వాలి, అంతే. కాల్‌ను మళ్లించేది నెట్‌వర్క్ కాబట్టి పెద్ద ఫోన్ ఆఫ్‌లో ఉన్నా చిన్నది మోగుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది ఇక్కడే. పెట్టాక పక్కవాళ్ల ఫోన్ నుంచి మన పాత నంబరుకు ఒకసారి చేసి చూసుకుంటే ధైర్యం. *401 లాంటి కోడ్‌లతో పెట్టుకునే పద్ధతిని మోసాల కారణంగా 2024 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఆపించింది, అందుకే సెట్టింగ్స్ దారే చెబుతున్నాను.

మొదట్లో మా రూమ్మేట్లందరికీ ఇదే పెట్టుకోమని చెప్పాను. తర్వాత ఒక పరీక్ష ఫీజుకు చివరి రోజు వచ్చింది. బాలాజీ కాలనీలో నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపి, డెబిట్ కార్డు వివరాలు ఇచ్చాను. ఓటీపీ రాలేదు. మళ్లీ పంపమన్నా రాలేదు. ఫార్వర్డింగ్ కాల్స్‌ను మాత్రమే మళ్లిస్తుంది, ఎస్సెమ్మెస్‌ను కాదు. ఓటీపీ ఎస్సెమ్మెస్ గదిలో ఆఫ్‌లో ఉన్న ఫోన్‌కే వెళ్తుంది. గదికి పరుగెత్తి, ఫోన్ తెచ్చేసరికి పేజీ గడువు దాటిపోయింది. "మళ్లీ మొదట్నుంచి నింపాలి తమ్ముడూ" అన్నాడు సెంటర్ అన్న. సాయంత్రానికి ఫీజు కట్టగలిగాను గానీ ఆ మధ్యాహ్నం టెన్షన్ మాత్రం మరచిపోలేను.

బ్యాంకు నంబరు సిమ్మునే కీప్యాడ్ ఫోన్‌లో వేస్తే ఓటీపీ వస్తుంది కదా అని అడిగారు కొందరు. అప్పుడు నా బ్యాంకు యాప్ స్మార్ట్‌ఫోన్‌లో సిమ్ లేదని మళ్లీ వెరిఫికేషన్ అడుగుతుంది. పైగా 4జీ మాత్రమే నడిపే కంపెనీ సిమ్ అయితే పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో పనిచేయదు, కొనేముందు చూసుకోవాలి. వాట్సాప్ కాల్స్ కూడా ఫార్వర్డ్ కావు. మా అమ్మ మామూలు కాలే చేస్తుంది కాబట్టి నాకు నడిచిపోయింది.

రెండు నంబర్లకు రీచార్జ్ ఖర్చు ఉంది. ఆఫీసు పని వాట్సాప్ మీదే నడిచేవాళ్లకు, రోజూ ఓటీపీలు కావలసినవాళ్లకు ఇది చెప్పను. పగలంతా చదువు, ఇంటి నుంచి కాల్ మాత్రం అందాలి అనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఫీజు కట్టే రోజుల్లో నేను ఇప్పుడు పెద్ద ఫోనే వెంట తీసుకెళ్తున్నాను.