బాక్స్-ముల్లర్: కొసైన్ పద్ధతా, పోలార్ పద్ధతా? ఏది మేలు?

0, 1ల మధ్య సమానంగా పడే యూనిఫాం సంఖ్యలు రెండు తీసుకుంటే, సగటు 0, ప్రామాణిక విచలనం 1 ఉన్న నార్మల్ సంఖ్యలు రెండు వస్తాయి. జార్జ్ బాక్స్, మెర్విన్ ముల్లర్ 1958లో ప్రచురించిన పద్ధతి ఇది. మొదటి సంఖ్య సున్నా నుంచి ఎంత దూరమో చెబుతుంది, రెండోది ఏ కోణంలోనో చెబుతుంది.

```
r  = sqrt(-2*log(1-u1))
z1 = r*cos(2*pi*u2)
z2 = r*sin(2*pi*u2)
```

`1-u1` ఊరికే పెట్టింది కాదు. చాలా భాషల్లో ర్యాండమ్ ఫంక్షన్ 0 ఇవ్వగలదు కానీ 1 ఇవ్వదు. నేరుగా `log(u1)` రాస్తే ఎప్పుడో ఒకసారి అనంతం వచ్చి కూర్చుంటుంది. `1-u1` = 0.2, u2 = 0.1 అనుకోండి. r = 1.794, కోణం 36 డిగ్రీలు. z1 = 1.451, z2 = 1.055.

మార్సాగ్లియా పోలార్ పద్ధతిలో సైన్, కొసైన్ అక్కర్లేదు. v1, v2లను −1, 1ల మధ్య తీసి s = v1² + v2² లెక్కగడతాం. s 1కి తక్కువ కాకపోయినా, సరిగ్గా 0 అయినా ఆ జంటను పారేస్తాం. 0.8, 0.7 వస్తే s = 1.13, పనికిరాదు. 0.6, −0.3 వస్తే s = 0.45. అప్పుడు `sqrt(-2*log(s)/s)` = 1.884. దాన్ని v1, v2లతో గుణిస్తే 1.130, −0.565.

చతురస్రంలో వృత్తం వాటా π/4 కాబట్టి 21.5 శాతం జంటలు వృథా. ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటి ఉంది: v1ను అట్టేపెట్టి v2 ఒక్కదాన్నే మళ్లీ తీయడం. అలా చేస్తే వృత్తం కుడి, ఎడమ అంచుల దగ్గర బిందువులు గుమిగూడి, z1 వ్యాప్తి z2 కంటే పెరుగుతుంది. రెండింటి వేరియన్స్ విడివిడిగా చూస్తే దొరికిపోతుంది. రెండూ కలిపి ఒకే హిస్టోగ్రామ్ గీస్తే కనబడకపోవచ్చు.

సైన్, కొసైన్ లెక్కలు నెమ్మదిగా సాగే యంత్రంలో, ఒకే థ్రెడ్ మీద, పోలార్ గెలుస్తుంది. జావా `Random.nextGaussian` వాడేదీ అదే. జీపీయూలో కథ మారుతుంది: ఒక థ్రెడ్ జంట కుదరక మళ్లీ తిరుగుతుంటే, దానితో కలిసి నడిచేవన్నీ ఆగి చూడాల్సిందే. సోబోల్ వంటి క్రమబద్ధమైన శ్రేణులతోనూ పోలార్ వద్దు. మధ్యలో జంటలు పారేస్తే ఆ శ్రేణి సమానంగా పరుచుకునే గుణమే చెడుతుంది. ఈ రెండు చోట్లా కొసైన్ పద్ధతే నా ఓటు. ఎన్ని యూనిఫాం సంఖ్యలు ఖర్చవుతాయో ముందే తెలిసిపోతుంది కాబట్టి మామూలు సిమ్యులేషన్‌కూ దాన్నే ముందు వాడి చూస్తాను.

ఏది వాడినా, z1 ఇచ్చేసి తర్వాతి పిలుపు కోసం దాచుకున్న z2తో జాగ్రత్త. సీడ్ మార్చినప్పుడు దాన్నీ చెరిపేయాలి. లేకపోతే అదే సీడ్‌కు మొదటి సంఖ్య వేరేగా వస్తుంది. తోక పొడవు కూడా యూనిఫాం బిట్లను బట్టే: కొసైన్ పద్ధతికి 32 బిట్ల సంఖ్య ఇస్తే 6.66 దాటి ఏదీ రాదు, 53 బిట్లయితే 8.57 దాకా వస్తుంది. అరుదైన నష్టాలను అంచనా వేసే పనిలో 32 బిట్లతో సరిపెట్టుకోకండి.