బడి కార్యక్రమం మీద పోస్టర్: నిండు పేజీనా, ఒక్క పెద్ద వాక్యమా, బొమ్మ చుట్టూ కట్టిందా?

ఒక ఉదాహరణ అనుకుందాం. అంకెలన్నీ పోలిక కోసం నేను వేసుకున్నవే. మొత్తం 20 బడులు. చీటీలు వేసి 10 బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు జత చదువు పెట్టారు, అంటే బాగా చదివే పిల్ల, తడబడే పిల్ల పక్కపక్కన కూర్చుని ఒకే పాఠాన్ని బయటికి చదవడం. రోజుకు 20 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, 15 వారాలు. మిగతా 10 బడుల్లో మామూలు పాఠాలే. బడికి 50 మంది చొప్పున మొత్తం 1000 మంది. చివర్లో పరీక్షిస్తే జత చదువు బడుల పిల్లలు నిమిషానికి సగటున 58 పదాలు తప్పు లేకుండా చదివారు, మిగతా బడుల వాళ్లు 52. తేడా 6 పదాలు.

దీన్ని పరిశోధనా సదస్సు హాల్లో పెట్టే ఏ0 సైజు పోస్టర్ మీద, అంటే 841 × 1189 మిల్లీమీటర్ల కాగితం మీద పెట్టాలి. మూడు దారులున్నాయి.

మొదటిది అందరికీ అలవాటైన నిండు పోస్టర్. నేపథ్యం, లక్ష్యం, పద్ధతి, ఫలితాలు, చర్చ అంటూ వ్యాసాన్ని నాలుగు నిలువు వరుసలుగా కోసి అతికించడం. దీన్ని తీసిపారేయలేం. ఇదే రంగంలో పని చేసేవాళ్లు వచ్చి గణాంక మోడల్లో ఏమేం సర్దుబాటు చేశారు, మధ్యలో బడి మానేసిన పిల్లల్ని ఎలా లెక్కించారు అని అడిగితే వేలు పెట్టి చూపించొచ్చు. మనం పక్కన లేకపోయినా పోస్టర్ తన పని తాను చేస్తుంది.

చిక్కు చదవడం దగ్గర వస్తుంది. ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఏ0 పేజీని ఏ4 కాగితం మీద ప్రింట్ తీస్తే అక్షరాలు పొడవులో సరిగ్గా నాలుగో వంతుకు తగ్గుతాయి. 24 పాయింట్ల అక్షరం 6 పాయింట్లవుతుంది. ఆ కాగితాన్ని కంటికి అర మీటరు దూరంలో పట్టుకుంటే, అసలు పోస్టర్‌ను రెండు మీటర్ల దూరం నుంచి చూసినట్టే. అక్కడ కళ్లు చికిలించాల్సి వస్తే హాల్లో కూడా చికిలించాలి. నిండు పోస్టర్లు చాలావరకు ఇక్కడే తప్పుతాయి.

నా మొదటి పోస్టర్ ఈ రకమే. ఒక హెడ్‌మిస్ట్రెస్ వచ్చి నిలబడ్డారు. నేను ఇంకొకరితో మాట్లాడుతున్నాను. ఆవిడ పద్ధతి భాగం మీదికి వంగి, వేలితో ఒక్కో లైనూ జరుపుతూ ఏదో వెతుకుతున్నారు. నేను అటు తిరిగేసరికి "రోజుకి ఎన్ని నిమిషాలండీ? ఆ టైము ఏ పీరియడ్‌లోంచి తీశారు?" అని అడిగారు. మొదటిదానికి జవాబు పద్ధతి భాగం ఐదో లైన్లో ఉంది. రెండోదానికి పోస్టర్‌లో ఎక్కడా లేదు. బడిలో రేపు ఆ పని చేయాల్సిన మనిషికి మొట్టమొదట కావాల్సింది అదే. నేను మాత్రం ఆ జాగాని నేపథ్యం మీద మూడు పేరాలకిచ్చాను.

రెండో దారి 2019లో ఊపందుకుంది. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న మైక్ మోరిసన్ అప్పట్లో ఒక కార్టూన్ వీడియో పెట్టి, "బెటర్ పోస్టర్" అనే నమూనాను ప్రచారంలోకి తెచ్చాడు. నడుమ వెడల్పాటి రంగు పట్టీ, దాని మీద అసలు విషయం మామూలు మాటల్లో ఒకే ఒక పెద్ద వాక్యం, కింద క్యూఆర్ కోడ్. ఎడమ పక్క సన్నని వరుసలో క్లుప్తంగా నేపథ్యం, పద్ధతి, ఫలితం. కుడి పక్క వరుసలో, ఎవరైనా గుచ్చి అడిగితే చూపించడానికి పట్టికలు, గ్రాఫులు. నడిచిపోతున్న మనిషి కూడా ఆ ఒక్క వాక్యం పట్టుకుపోతాడు. వందల పోస్టర్లున్న హాల్లో ఇది చిన్న సాయం కాదు.

అయితే బడి అధ్యయనాల్లో ఆ ఒక్క వాక్యం దగ్గరే జారిపడే ప్రమాదం ఉంది. నా మటుకు ఈ పోలికలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. పెద్ద అక్షరాల్లో రాయమనగానే "జత చదువుతో చదివే వేగం పెరుగుతుంది: 1000 మంది పిల్లల అధ్యయనం" అని రాసేస్తాం. వినడానికి గట్టిగా ఉంటుంది. కానీ చీటీలు వేసింది పిల్లలకు కాదు, బడులకు. ఒకే బడి పిల్లలు ఒకే టీచర్ దగ్గర, ఒకే పరిసరాల్లో చదువుతారు కాబట్టి వాళ్ల మార్కులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక ఎంతుందో చెప్పే కొలతను ఐసీసీ అంటారు. దాన్నిబట్టి శాంపిల్ బలం ఎంత తగ్గుతుందో లెక్కేసే సూత్రం ఇది:

1 + (m − 1) × ICC

ఇక్కడ m అంటే బడికి ఎంతమంది పిల్లలు అని. మన ఉదాహరణలో m = 50, ఐసీసీ 0.15 అనుకుంటే 1 + 49 × 0.15, అంటే 8.35. వెయ్యిని దాంతో భాగిస్తే 120 వస్తుంది. విడివిడిగా ఎంచుకున్న 120 మంది పిల్లలు ఎంత సమాచారం ఇస్తారో, మన వెయ్యి మందీ కలిసి దాదాపు అంతే ఇస్తారు.

తేడా 6 పదాలే, అది మారదు. దాని చుట్టూ ఉన్న అనిశ్చితి మారుతుంది. పిల్లల మధ్య మార్కుల ప్రామాణిక విచలనం 14 పదాలు అనుకుని, బడుల సంగతి మరిచి లెక్కేస్తే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సుమారు 4 నుంచి 8 పదాలు వస్తుంది. బడులను లెక్కలోకి తీసుకుంటే సుమారు 1 నుంచి 11. మొదటిది చూస్తే ఎవరైనా ధీమాగా తమ బడుల్లో మొదలుపెడతారు. రెండోది చూస్తే లాభం చాలా కొంచెమే అయ్యుండొచ్చనీ తెలుస్తుంది. అందుకే వాక్యంలో పిల్లల సంఖ్య కన్నా బడుల సంఖ్య కనపడాలి: "జత చదువు పెట్టిన 10 బడుల్లో పిల్లలు నిమిషానికి 6 పదాలు ఎక్కువ చదివారు. నిజమైన తేడా 1 నుంచి 11 దాకా ఎంతైనా ఉండొచ్చు." కొంచెం పొడుగే. అయినా ఇంతకన్నా కుదిస్తే అబద్ధం వైపు జారుతుంది.

ఫలితం తేలని అధ్యయనమైతే ఈ నమూనాతో ఇంకా జాగ్రత్త కావాలి. తేడా 2 పదాలు, ఇంటర్వెల్ −3 నుంచి 7 అని వచ్చిందనుకోండి. "జత చదువు పనిచేయదు" అని పెద్దక్షరాల్లో వేస్తే అది మన డేటా చెప్పని మాట. "20 బడులతో తేల్చలేకపోయాం" అన్నదే డేటా చెప్పింది.

మూడో దారి ఈ రెండింటి మధ్యది. పైన శీర్షిక స్థానంలో విషయాన్ని తేల్చి చెప్పే పూర్తి వాక్యం, దాని కింద పోస్టర్‌లో సగం మేర ఆ వాక్యానికి సాక్ష్యంగా నిలిచే ఒకే ఒక బొమ్మ. స్లైడ్ల విషయంలో, శాస్త్ర రచన నేర్పే మైకేల్ ఆలీ ఎన్నాళ్లుగానో చెబుతున్న పద్ధతి ఇదే. మాటలు మొత్తం కలిపి మూడు వందలకు మించనివ్వను.

మరి ఆ బొమ్మ ఏది? అలవాటుగా వేసేది రెండు స్తంభాల గ్రాఫ్, 58కి ఒకటి, 52కి ఒకటి, పైన తేడా గణాంకపరంగా తేలిందని చెప్పే ఒక నక్షత్రం. అది రెండు అంకెలు తప్ప ఇంకేమీ చెప్పదు, వాటి తేడాను వాక్యంలోనే చెప్పేశాం. దాని బదులు ఒక్కో బడికి ఒక్కో చుక్క పెడితే 20 చుక్కలు. ఎడమ వరుసలో మామూలు బడులు పది, కుడి వరుసలో జత చదువు బడులు పది, ఒక్కో వరుసకు సగటు దగ్గర అడ్డగీత. ఒక్క చూపులో మూడు సంగతులు తెలుస్తాయి: అధ్యయనం జరిగింది 20 బడుల్లో, రెండు వరుసలూ చాలావరకు ఒకదాని ఎత్తులోకి ఒకటి వస్తున్నాయి, కుడి వరుసలో రెండు బడులు బాగా కిందున్నాయి. ఐసీసీ అనే మాట తెలియని టీచర్‌కి కూడా బడికీ బడికీ ఎంత తేడా ఉందో అర్థమవుతుంది. రెండు వరుసలకు ఎరుపు, ఆకుపచ్చ మాత్రం వాడొద్దు. ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, చాలామందే ఉంటారు. ఒక వరుసకు నిండు చుక్కలు, ఇంకోదానికి ఖాళీ చుక్కలు పెడితే సరిపోతుంది. చుక్కల పక్కన బడుల పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు.

ఆ రెండు బడుల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అందుకే బొమ్మ కింద ఒక సన్నని అడ్డపట్టీ పెడతాను, అందులో 20 నిమిషాల పీరియడ్ మొత్తం. మొదటి 4 నిమిషాలు టీచర్ పాఠం చదివి వినిపిస్తారు, తర్వాత 12 నిమిషాలు జతలు చదువుతాయి, ఆఖరి 4 నిమిషాలు తడబడ్డ పదాలు బోర్డు మీద. ఎవరు చేశారు, ఎంత శిక్షణ ఇచ్చారు, ఏ పీరియడ్‌లోంచి సమయం తీసుకున్నారు అన్నవీ అక్కడే. దాని పక్కన ఒకే లైను: అనుకున్న పీరియడ్లు 60, సగటున జరిగినవి 44, రెండు బడుల్లో 20 కూడా దాటలేదు. ఆ హెడ్‌మిస్ట్రెస్ వెతుక్కున్నది ఈ పట్టీనే.

ఇక్కడొక ఆశ పుడుతుంది. పీరియడ్లు బాగా జరిగిన ఎనిమిది బడులనే తీసుకుంటే తేడా పెరుగుతుంది కదా, దాన్నే శీర్షికలో పెడదామని. పెట్టకూడదు. పీరియడ్లు క్రమం తప్పకుండా జరిగిన బడులు మొదటి నుంచీ మెరుగ్గా నడుస్తున్నవే కావచ్చు. వాటిని మిగతా పదితో పోలిస్తే, చీటీలు వేసి సంపాదించుకున్న న్యాయమైన పోలిక చేజారిపోతుంది. అది మాటల్లో చెప్పుకోవాల్సిన అనుమానమే కానీ శీర్షిక కాదు.

ఏది మేలు అంటే నా ఓటు మూడోదానికి. మన రంగం వాళ్లే పదిమంది కూర్చుని, ఒక్కో పోస్టర్‌కీ పది నిమిషాలు కేటాయించే చిన్న సమావేశమైతే నిండు పోస్టరే నయం, అక్షరం పెద్దది చేసి నేపథ్యం సగానికి కోస్తే చాలు. పెద్ద హాల్లో, రకరకాల విషయాల మధ్య, మనం పక్కన నిలబడే వీలు ఉంటే బెటర్ పోస్టర్ జనాన్ని బాగా ఆపుతుంది. అయితే బడి అధ్యయనానికి రెండు రకాల మనుషులు వస్తారు. గణాంకం అడిగేవాళ్లు, రేపు బడిలో ఏం చేయాలో అడిగేవాళ్లు. చుక్కల బొమ్మ మొదటివాళ్లకు, పీరియడ్ పట్టీ రెండోవాళ్లకు జవాబు చెబుతాయి. పట్టికలూ సర్దుబాట్లూ క్యూఆర్ కోడ్ వెనక్కి పోవచ్చు, పీరియడ్ వివరం మాత్రం పోకూడదు. అందరూ ఫోన్ తీసి స్కాన్ చేయరు.

ఈ అంకెలతోనే మూడు చిత్తుప్రతులు గీసి, ఒక్కొక్కటీ పది సెకన్లు చూపించి తిప్పేసి, నాకు తెలిసిన టీచర్ ఒకామెను ఏం గుర్తుందో చెప్పమన్నాను. మొదటిదానికి "చదవడం గురించి ఏదో" అంది. రెండోదానికి వాక్యం దాదాపు అప్పజెప్పింది. మూడోదానికి "జతలు కట్టించారు, ఆరు పదాలు పెరిగాయి" అని, కాసేపాగి "ఆ కింద ఉన్న రెండు బడుల్లో ఏమైంది?" అని అడిగింది.