భుజం ఆపరేషన్ తర్వాత: ఆరు వారాలు కదపకుండా ఉంచడమా, రెండో వారం నుంచే కదపడమా?

నాకూ మా తోడల్లుడికీ భుజంలో కండను ఎముకకు కలిపే పట్టీ, అంటే టెండన్, చిరిగితే రెండు నెలల తేడాతో కుట్టారు. నాది ఒకటిన్నర సెంటీమీటర్ల చిరుగు, పైగా షుగరుంది. ఆయనది నాలుగు సెంటీమీటర్లు. నాకు రెండో వారంలోనే ఫిజియో మొదలైంది. ఆయనకు ఆరు వారాలూ స్లింగే; స్నానానికి తీసినా చెయ్యి ఒంటికి ఆనించే ఉంచాలి, మోచెయ్యి, వేళ్లు మాత్రం ఆడించుకోవచ్చు. "మీ డాక్టరు తొందరపడుతున్నాడు తమ్ముడూ" అనేవారాయన. "మీ భుజం బిగుసుకుపోతుందేమో అన్నయ్యా" అనేవాణ్ని నేను.

టెండన్ ఎముకకు గట్టిగా అతుక్కోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా దాన్ని పట్టి ఉంచేది దారాలూ, ఎముకలో దిగ్గొట్టిన చిన్న మేకుల్లాంటి యాంకర్లే. అందుకే మొదట్లో కదిలించినా, ఆ భుజం కండ పని చెయ్యకూడదు. రెండో చెయ్యో, ఫిజియోనో కదపాలి. చెప్పినంత తేలిక కాదిది. బల్ల పట్టుకుని ముందుకు వంగి, చేతిని తాడులా వేలాడదీసి ఊపమన్నారు. వారం రోజులు చేత్తోనే సున్నాలు చుట్టాను. ఫిజియో నా భుజం మీద అరచెయ్యి వేసి, "కండ బిగుస్తోంది సార్, నడుము ఊపండి, చెయ్యి దానంతటదే ఊగుతుంది" అంది.

మూడో నెలకల్లా నా చెయ్యి, రెండో చేతి సాయంతో తల పైదాకా వెళ్లింది. ఆయనది భుజం ఎత్తు దాటలేదు. ఏడాది తిరిగేసరికి ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. చాలామందిలోనూ ఇలాగే, త్వరగా కదిపితే మొదటి నెలల్లో లాభం, ఏడాదికల్లా తేడా తగ్గిపోతుంది.

అందుకే చిన్న చిరుగై, బిగుతు పెంచే షుగరో, ముందే బిగిసిన భుజమో ఉంటే త్వరగా కదపడం మేలంటాను. పెద్ద చిరుగు, నాసిరకం టెండన్ అయితే స్లింగే మేలు. బిగుసుకున్న భుజం మెల్లగా వదులవుతుంది. ఊడిన కుట్టుకు మళ్లీ ఆపరేషన్ కావలసి రావచ్చు, అదీ మొదటిదంత బాగా రాకపోవచ్చు. కుట్టును కళ్లారా చూసిన సర్జన్ మాటే ఇక్కడ లెక్క.

రబ్బరు బ్యాండ్లు, బరువుల విషయంలో మాత్రం మా ఇద్దరికీ ఒకటే గడువు, పన్నెండు వారాలు. ఎనిమిదో వారంలో నొప్పి పోయిందని నేను నీళ్ల బకెట్ అందుకోబోతే మా ఆవిడ లాక్కుంది. నొప్పి తగ్గడం వేరు, అతుక్కోవడం వేరు.

నాలుగైదు నెలలయ్యాకా చెయ్యి లేవకపోతే ఇంట్లోనే ఒకటి గమనించవచ్చు. రెండో చేత్తో ఎత్తినా ఒకచోట ఆగిపోతే బిగుతు. సాయంతో పైదాకా వెళ్లి, వదలగానే జారిపోతే కుట్టు ఊడిందేమోనని అనుమానించి స్కాన్ గురించి సర్జన్‌ను అడగాలి.