మూడేళ్లు, 32 వేల కిలోమీటర్లు: నా ఎలక్ట్రిక్ స్కూటర్‌తో అనుభవం

వనస్థలిపురం నుంచి ఖైరతాబాద్‌లో మా ఆఫీసుకి 17 కిలోమీటర్లు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా రోజూ రానూపోనూ 34. నెలకు పాతిక రోజులంటే 850 కిలోమీటర్లు. ఈ దారిలో ఎనిమిదేళ్లు 110 సీసీ పెట్రోల్ స్కూటర్ నడిపాను. 2022 సెప్టెంబరులో 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకున్నాను. అప్పట్లో తెలంగాణలో ఈ బండ్లకు రోడ్డు టాక్స్ లేదు, ఇప్పుడూ లేదు. 2024 నవంబరులో ప్రభుత్వం ఆ మినహాయింపును 2026 చివరి వరకు పొడిగించింది.

ముందు కరెంటు ఖర్చు సంగతి. "కిలోమీటరుకి పావలా" అని షోరూంలో చెప్పారు. అందులో సగమే నిజం. నేను సెల్లార్‌లో మా మీటరు నుంచి విడిగా లైను లాగించి, ఒక సబ్ మీటరు, 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీ పెట్టించుకున్నాను. కిలోమీటరుకి గోడ సాకెట్ దగ్గర సుమారు 35 వాట్ అవర్లు తీసుకుంటుంది. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్, అంటే నెలకు 30 యూనిట్లు. యూనిట్లు తక్కువే, కానీ అవి ఏ శ్లాబులో పడతాయో అసలు విషయం అక్కడ ఉంది.

మా ఇంట్లో మామూలు నెలలో 185 యూనిట్లు కాలుతుంది. 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, ఆ పైన 4.80 చొప్పున 748 రూపాయలు. స్కూటర్ కలిసి 215 అయితే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, మిగతా 15కి 7.70 చొప్పున పడుతుంది. మొత్తం 1,135. ఇతర ఛార్జీలు పక్కన పెడితే ఆ 30 యూనిట్లకు 387 రూపాయలు కట్టాను. యూనిట్‌కి దాదాపు 13 రూపాయలన్నమాట. అదే 160 యూనిట్లు వాడే ఇల్లైతే ఆ 30 యూనిట్లకు 144 రూపాయలే అవుతుంది. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే కుటుంబాలు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. స్కూటర్ వల్ల 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. కొనే ముందు ఏడాది బిల్లులు తీసి, ప్రతి నెలకూ 30 కలిపి చూసుకోండి.

ఇంత చెప్పినా పెట్రోల్‌తో పోలిస్తే ఇది చవకే. నా పాత బండి ఈ ట్రాఫిక్‌లో లీటరుకి 42 ఇచ్చేది. లీటరు 107 రూపాయల పైన ఉన్నప్పుడు 850 కిలోమీటర్లకు నెలకు దాదాపు 2,170 అవుతుంది. ఇంజిన్ ఆయిల్ మార్చే ఖర్చు కూడా ఇప్పుడు లేదు. వెనక టైరు మాత్రం 19 వేలకే అరిగింది, పాత బండికి అంత త్వరగా ఎప్పుడూ అరగలేదు. సిగ్నల్ దగ్గర ఒక్కసారిగా లాగే అలవాటు తగ్గించుకున్నాక రెండో టైరు మెరుగ్గా ఉంది.

ఇక అందరూ అడిగేది బ్యాటరీ గురించి. నేను ఆరు నెలలకోసారి ఒకేలా కొలుస్తాను. టైర్లలో గాలి సరిచేసి, ఫుల్ ఛార్జి పెట్టి, అదే ఆఫీసు దారిలో 45 దాటకుండా నడిపి, వందలోంచి 20 శాతానికి వచ్చేదాకా ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాసుకుంటాను. తర్వాత మళ్లీ నిండడానికి ఎన్ని యూనిట్లు పట్టాయో సబ్ మీటరులో చూస్తాను. కొత్తలో 76 కిలోమీటర్లు వచ్చాయి, 2.7 యూనిట్లు పట్టాయి. ఇప్పుడు 64 కిలోమీటర్లు, 2.3 యూనిట్లు. మూడేళ్లలో సుమారు 16 శాతం తగ్గింది.

ఈ రెండు అంకెలూ కలిపి ఎందుకు చూడాలో 2024 జులైలో తెలిసింది. అప్పటికి 70 వస్తున్నది రెండు వారాల్లో 60కి పడిపోయింది. సర్వీస్ సెంటర్‌కి వెళితే బండిని సరిగా చూడకుండానే బ్యాటరీ దెబ్బతిన్నదన్నారు, కొత్తదానికి 60 వేల పైన అవుతుందన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా నోటుబుక్ తీశాను. కిలోమీటర్లు తగ్గినా, నిండడానికి ఎప్పటిలాగే 2.5 యూనిట్లు పడుతున్నాయి. బ్యాటరీ నిజంగా తగ్గిపోతే లోపలికి వెళ్లే కరెంటూ తగ్గాలి. కరెంటు అంతే వెళ్లి దూరం తగ్గిందంటే, బండిని ఏదో పట్టి ఆపుతోందన్నమాట. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. కొద్ది దూరం నడిపి వచ్చి ముట్టుకుంటే బ్రేక్ డ్రమ్ము కాలిపోతోంది. అంతకుముందు సర్వీసులో బ్రేకు బాగా బిగించేశారు. మా వీధి మెకానిక్ బ్రేకు వదులు చేసి, లివర్‌కి గ్రీజు పెట్టాడు. వంద రూపాయలతో మళ్లీ 69 వచ్చింది. సబ్ మీటరు లేకపోతే నేను ఆ 60 వేలూ కట్టేవాడినేమో.

ఎండాకాలంలో ఒక ఇబ్బంది ఉంది. మే నెలలో సాయంత్రం ఇంటికి రాగానే ప్లగ్గు పెడితే బ్యాటరీ వేడి వల్ల ఛార్జింగ్ ఆగిపోతుంది, లేదా నెమ్మదిగా ఎక్కుతుంది. నేను రాత్రి పదింటికి పెడతాను. మొదట్లో కొన్నాళ్లు 5 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడాను. ఆ సాకెట్ గోధుమ రంగుకి మారింది, కాలిన వాసన వచ్చింది. ఛార్జర్ నాలుగైదు గంటలు ఆగకుండా కరెంటు లాగుతుంది కాబట్టి వదులు ప్లగ్గు చాలా ప్రమాదం. అరగంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వానల్లో మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిస్తే నేను లోపలికి దిగను, చుట్టూ తిరిగి వెళతాను.

మిగతా ఇంధనాల విషయానికొస్తే, కొత్త డీజిల్ బైకు ఇప్పుడు షోరూముల్లో దొరకదు. మా ఆఫీసులో ఒకాయన బజాజ్ ఫ్రీడమ్ 125 నడుపుతున్నాడు. రెండు కిలోల సీఎన్‌జీ, రెండు లీటర్ల పెట్రోల్ పడుతుంది. కిలోకి 85 దాకా వస్తోందట, నెల ఖర్చు నాకంటే ఎక్కువ, పెట్రోల్ స్కూటర్‌లో సగం లోపే. అయితే బంకు దగ్గర ఆటోల వెనక అరగంట నిలబడాల్సి వస్తోందంటాడు. అద్దె ఇంట్లో ఉండి, సొంత మీటరు నుంచి సెల్లార్‌కి లైను లాగించుకునే వీలు లేనివాళ్లకు నేను ఆ బండే చెబుతాను. పబ్లిక్ ఛార్జర్‌నే నమ్ముకుని రోజూ 34 కిలోమీటర్లు నడపడం టెన్షన్‌తో కూడిన పని.

నా బండికి బ్యాటరీ వారంటీ మూడేళ్లు, అది 2025 సెప్టెంబరుతో అయిపోయింది. మార్చేయమని చాలామంది చెబుతున్నారు. నేను మార్చడం లేదు. నాకు రోజుకి కావలసింది 34, ఇరవై శాతం మిగిల్చుకుని కూడా ఇప్పుడు 64 వస్తోంది. ఏడాదికి నాలుగు కిలోమీటర్లు తగ్గుతున్న ఈ లెక్కన 40కి రావడానికి ఇంకా ఆరేళ్లు పడుతుంది. మధ్యలో తగ్గుదల వేగం పెరిగితే మార్చిలో తీసే రీడింగులోనే కనబడుతుంది.