కమోడ్ ముందర వేసుకున్న పీట: మూడేళ్లు వాడినంక

మూడేళ్ల కింద ఈ పీట గురించి చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పిన. పాదాల కింద పెట్టుకుంటే చాలు, మోషన్ సాఫీగా అయిపోతదన్న. ఆ మాటలో సగమే నిజమని ఇప్పుడు చెప్పాలె.

నాకు యాభై నాలుగేళ్లు, మాది నల్లగొండ. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చునే దొడ్డి మాని కమోడ్‌కు మారిన. అంతకు పన్నెండేళ్ల ముందు నుంచే అవస్థ ఉంది. మోషన్ వస్తది కానీ పూర్తిగా రాదు. లేచి చీర సర్దుకున్నంక అరగంటకే మళ్లీ వచ్చినట్టు అనిపిస్తది. మలబద్ధకమే అనుకొని ఎన్ని చూర్ణాలు తాగిన్నో! మోషన్ పలుచన అయ్యేది, మిగిలేది మాత్రం మిగిలే ఉండేది. చివరికి కింద చేత్తో అదుముకుంటే తప్ప అయ్యేది కాదు. ఆ సంగతి కన్నబిడ్డకు కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పోయింది మూత్రం మంటకు. పరీక్ష చేస్తూ ఆమే అడిగింది: "అమ్మా, మోషన్ రావాలంటే ఎక్కడన్నా నొక్కుకోవాల్సి వస్తదా?" నాకు ఏడుపు ఆగలేదు. ఇది నా ఒక్కదానికే అనుకుంటున్న అప్పటిదాకా.

ఆమె చెప్పింది ఇది. మలం నిలిచే పేగుకు, యోనికి నడుమ ఉన్న గోడ కాన్పుల్లో సాగి పలుచనైతది. నా మొదటి కాన్పు రెండు రోజులు నడిచింది. ముక్కినప్పుడు మలం కిందికి దిగే బదులు ఆ గోడను ముందుకు తోసి, యోనిలోకి ఒక సంచిలా ఉబ్బుతది. దాన్నే రెక్టోసీల్ అంటరు. లేవగానే సంచిలోది వెనక్కి జారుతది, అందుకే మళ్లీ వచ్చినట్టు అనిపిస్తది. ఎంత గట్టిగా ముక్కితే సంచి అంత ఉబ్బుతది. రక్తం పడుతుందా, బరువు తగ్గిందా అని కూడా అడిగి, వయసు చూసి లోపల కెమెరా పరీక్ష చేయించింది. అందులో ఏమీ లేదు.

పీట ఆమె చెప్పిందే, జానెడు ఎత్తుది. పాదాలు దాని మీద పెట్టి ముందుకు వంగితే మోకాళ్లు తుంటి కన్నా పైకొస్తయి, దారి నిటారైతది. మొదటి నెల చాలా హాయిగా అనిపించింది, అందుకే ఆ ఫోన్లు. నిజానికి ఎక్కువ పని చేసింది బొటనవేలు. గోరు తీసేసి, చెయ్యి సబ్బుతో కడుక్కొని, వేలు యోనిలో పెట్టి వెనక గోడను నడుము దిక్కు మెల్లగా ఒత్తి పట్టుకోవాలె. సంచి మూసుకుపోయి మలం కిందికి దిగుతది. నేను ఇన్నేళ్లు బయట ఎక్కడో అదుముతుంటిని, చోటు మారేసరికి రెండు నిమిషాల్లో అయిపోయింది. డాక్టరే నేర్పిన పద్ధతని తెలిసినంక సిగ్గు పోయింది.

మూడోది, రాత్రి ఒక గిలాస నిండా నీళ్లలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టు. పోయిన ఎండాకాలం దీనితోనే దెబ్బ తిన్న. దేవరకొండలో పెండ్లి. బస్సులో మూత్రానికి ఆపరని మూడు రోజులు నీళ్లు తగ్గించిన, పొట్టు మాత్రం అర గిలాసలోనే కలుపుకొని తాగిన. నాలుగో రోజు సంచిలో పిండి ముద్దలా గట్టిపడింది. పీట ఉంది, వేలూ ఉంది, ఏదీ పనిచేయలేదు. నలభై నిమిషాలు ముక్కిన. కింద ఉబ్బు బయటికి తగిలింది. ఆసుపత్రిలో ఎనిమా ఇస్తే తప్ప కాలేదు. పొట్టు నీళ్లు పీల్చుకుంటేనే మెత్తగైతది, నీళ్లు తక్కువైతే అదే అడ్డం పడుతదని అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి నీళ్లు తాగే వీలు లేని రోజు పొట్టు తాగను. పది నిమిషాల్లో కాకుంటే లేచిపోత.

ఆపరేషన్ అడిగిన. డాక్టరమ్మ వెనక వేలు పెట్టి ముక్కమని చూసింది. వదులవ్వాల్సిన కండరం నాకు బిగుస్తుందట. అది సరికాకుండా గోడ కుడితే ఉబ్బు పోతది, మోషన్ ఇబ్బంది మిగలొచ్చని చెప్పింది. ఇప్పుడు ఫిజియోథెరపీలో, ఊపిరి బిగబట్టకుండా పొట్ట వదిలి తోయడం నేర్చుకుంటున్న. నాలుగు నెలలైంది, వేలు అవసరం లేని రోజులు వారానికి రెండు మూడు వస్తున్నయి.

పీట ఉంచుకుంటున్న. కానీ నా ఉబ్బు చిన్నది, బిందెలు మోసే పని కోడలు చేస్తున్నది. పక్కింటక్కకు గర్భసంచి కూడా జారింది, ఆమెకు పీట ఏమీ చేయలేదు. నడిస్తేనే గడ్డ తగులుతుందంటది. ఆమెను మొన్న డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకపోయిన.